ముసలితనం అని వదిలేసే ముందు థైరాయిడ్ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్య సిబ్బంది ఊళ్లలో పెద్దవాళ్లకు బీపీ, షుగర్ చూసి రాసుకుంటున్నారు. ఆ పని ఆగకూడదు. అయితే అదే పుస్తకంలో ఇంకో రెండు గళ్లు ఉండాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఒకటి, చేతితో పట్టి చూసిన నాడి. రెండోది, కిందటిసారి బరువు పక్కనే ఈసారి బరువు. ఎందుకు అడుగుతున్నానో పొదిలి దగ్గర మా ఊళ్లోనే జరిగిన సంగతి చెబితే తెలుస్తుంది. నేను ఆరోగ్య శాఖలో పర్యవేక్షకుడిగా చేసి రిటైరైనవాణ్ణి.

మా ఎదురింటామె నాకు వరసకు వదిన. డెబ్బై నాలుగేళ్లు. గేదె ఈనిందంటే రాత్రంతా కొట్టంలోనే ఉండే మనిషి. అలాంటిది ఏడాది కిందట మెల్లగా మాట తగ్గించింది. అరుగు మీద కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేది. అన్నం పెడితే నాలుగు ముద్దలు తిని పక్కన పెట్టేది. మనవడి పెళ్లి చూపుల మాట వచ్చినా "మీ ఇష్టం" అనేసింది. ఆమె కొడుకును అడిగితే "ఏముంది బాబాయ్, వయసైపోయింది గదా" అన్నాడు. పది నెలల్లో యాభై రెండు కిలోల మనిషి నలభై ఒకటికి వచ్చింది.

బరువు తగ్గుతోందని ముందు షుగర్ చూశారు, లేదు. తర్వాత టీబీ అనుమానంతో కఫం పరీక్ష, ఎక్స్‌రే, అవీ బాగున్నాయి. ఒక ప్రైవేటు డాక్టరు దిగులు జబ్బు అని మాత్రలు రాశారు. ఇంకో చోట క్యాన్సర్ ఉందేమోనని నరానికి మందు ఎక్కించి సీటీ స్కాన్ తీశారు. కడుపులోగానీ ఛాతీలోగానీ ఏ గడ్డా కనబడలేదు. స్కాన్ అయిన కొన్ని వారాలకు పాదాలు వాచాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. అప్పుడు ఒంగోలులో ఒక ఫిజీషియన్ చేయి పట్టి చూసి, స్టెతస్కోప్ గుండె మీద పెట్టి, వెంటనే ఈసీజీ తీయించారు. గుండె లయ పూర్తిగా తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు దాన్ని. ఆయన ఆ పూటే థైరాయిడ్‌కు రక్తం పంపారు. టీఎస్‌హెచ్ అంటే పనిచేయమని థైరాయిడ్‌కు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్, థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తే ఇది పడిపోతుంది. మామూలుగా 0.4 నుంచి 4 మధ్య ఉండాలి, ఆమెకు 0.01 కన్నా తక్కువ వచ్చింది. థైరాయిడ్ రక్తంలోకి వదిలే హార్మోన్ ఫ్రీ టీ4కు ఆ ల్యాబ్ పై హద్దు 1.7, ఆమెకు 3.1. అంటే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోంది.

ఇంట్లో ఎవరూ నమ్మలేదు. థైరాయిడ్ ఎక్కువైతే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, ఊరికే కోపం వస్తుంది, ఎంత తిన్నా సన్నబడతారు అని అందరూ వినే ఉంటారు. కొందరికి కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి, మెడ వాస్తుంది. ఇదంతా నిజమే, కానీ ఎక్కువగా ముప్పై నలభై ఏళ్ల వాళ్లలో. ఆ వణుకు, ఆ టెన్షన్ చాలావరకు శరీరం ఎడ్రినలిన్‌కు స్పందించే తీరు వల్ల వచ్చేవి. వయసు పైబడితే ఆ స్పందన మందగిస్తుంది. బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వాడుతుంటే ఉన్న కాస్త గుర్తులు కూడా అణిగిపోతాయి. హార్మోన్ మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతుంది. కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, గుండె పై గదులు అదుపు తప్పుతాయి. మనిషి మాత్రం పైకి నిదానంగా, ముభావంగా కనిపిస్తుంది. ఆకలి పెరగాల్సింది పోయి తగ్గుతుంది. విరేచనాలు కావాల్సిన చోట మలబద్ధకం ఉంటుంది. అమెరికా సర్జన్ ఫ్రాంక్ లేహీ ఈ రూపాన్ని 1931లోనే వర్ణించారు. ఇంత పాత సంగతి మన ఊళ్లలో ఇంకా వయసు లెక్కలోనే కొట్టుకుపోతోంది.

మెడ వాపు లేదు కదా అని కూడా వాళ్లబ్బాయి అడిగాడు. ఈ వయసులో చాలామందికి జబ్బు గ్రంథి మొత్తానికి కాక, అందులో ఏళ్ల తరబడి పెరిగిన చిన్న గడ్డలకు ఉంటుంది. అవి ఛాతీ ఎముక వెనక్కి దిగి ఉంటే పైకి తెలియవు. మా వదినకు అల్ట్రాసౌండ్‌లో అలాంటివే కనబడ్డాయి. ఇక్కడే సీటీ స్కాన్ సంగతి చెప్పాలి. నరానికి ఎక్కించే ఆ మందులో అయోడిన్ చాలా ఎక్కువ. థైరాయిడ్‌లో ఇప్పటికే గడ్డలున్న వాళ్లకు అంత అయోడిన్ ఒక్కసారిగా అందితే హార్మోన్ ఇంకా ఎగదన్నుతుంది. ఆమె ఆయాసానికి అదొక్కటే కారణమని నేను అనను. అయినా వేలు పోసి స్కాన్ తీసే ముందు మూడు నాలుగు వందల రక్త పరీక్ష ఒకటి చేసి ఉంటే స్కాన్ అవసరమే వచ్చేది కాదేమో. పైగా ఆ అయోడిన్ ఒంట్లో ఉన్నన్ని వారాలు గ్రంథి కొత్త అయోడిన్‌ను సరిగా తీసుకోదు, అందుకని రేడియో అయోడిన్ అనే రేడియోధార్మిక మందుతో చేసే స్కాన్, చికిత్స రెండూ వాయిదా వేయాల్సి వచ్చింది.

ఇక నాడి. మా వదినకు ఊళ్లో బీపీ చూడనిది కాదు, మూడుసార్లు చూశారు. మిషన్ మీద నాడి 92 అని వచ్చింది, అదే రాశారు. తప్పు వాళ్లది కాదు, గడిలో అడిగింది అంకెనే. లయ తప్పిన గుండె కొన్ని దెబ్బలు మరీ బలహీనంగా కొడుతుంది, అవి మణికట్టు దాకా రావు. ఒంగోలులో స్టెతస్కోప్‌తో గుండె మీద లెక్కపెడితే 126, అదే సమయంలో మణికట్టు దగ్గర వేళ్లతో లెక్కపెడితే తొంభై చిల్లర. ఆ తేడాను మిషన్ పట్టలేదు. లయ తప్పినవాళ్లలో డిజిటల్ మిషన్ చూపే బీపీని కూడా ఒక్కసారికే నమ్మకూడదు. కానీ బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, నిండా ఒక నిమిషం చూస్తే ఆశా కార్యకర్తకు కూడా తెలిసిపోతుంది. ఒక దెబ్బ పక్కనే ఇంకోటి, ఆ తర్వాత ఖాళీ, మళ్లీ రెండు గబగబా, వాటిలో ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. ఏ వరసా ఉండదు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే అలవాటుతో ఇది దొరకదు.

ఇది దొరకకపోతే జరిగేది పక్షవాతం. లయ తప్పిన గుండె పై గదుల్లో రక్తం నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతుంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో అరవై దాటిన వాళ్లను పదేళ్లు గమనించిన అధ్యయనం 1994లో వచ్చింది. టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకు, మామూలుగా ఉన్నవాళ్లతో పోలిస్తే, ఈ లయ తప్పడం మూడింతలు ఎక్కువని అందులో తేలింది. అందుకే కొత్తగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ఈసీజీలో వచ్చిన ప్రతి ముసలాయనకూ, ముసలమ్మకూ టీఎస్‌హెచ్ చేయడం డాక్టర్లకు నేర్పే పద్ధతే. మన దగ్గర ఈసీజీ దాకా రావడమే ఆలస్యం.

ఆమెకు థైరాయిడ్ హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్, గుండె వేగం తగ్గించడానికి బీటా బ్లాకర్, నీరు తీయడానికి ఒక మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇంకో మాత్ర ఇచ్చారు. కార్బిమజోల్ వాడుతున్నప్పుడు జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపేసి అదే రోజు రక్తంలో తెల్లకణాలు చూపించుకోవాలి. ఈ మాట వాళ్ల కోడలికి నేను రెండుసార్లు చెప్పించి విన్నాను, ఎందుకంటే మన ఇళ్లలో గొంతు నొప్పికి మిరియాల పాలతో సరిపెడతారు. రెండు నెలలు తిరక్కముందే ఫ్రీ టీ4 హద్దులోకి వచ్చింది. టీఎస్‌హెచ్ మాత్రం పైకి లేవడానికి ఇంకా టైం పట్టింది, అది మామూలే. నాలుగో నెలలో తీసిన ఈసీజీలో లయ దానంతటదే సర్దుకుంది. అందరికీ ఇలా జరగదు. ఎంత ఆలస్యంగా పట్టుకుంటే సర్దుకునే అవకాశం అంత తక్కువ. ఇప్పుడు నలభై ఏడు కిలోలు ఉంది, కోడలు పాలు పిండే తీరుకు వంకలు పెడుతోంది. రేడియో అయోడిన్‌కు తిరుపతికి రాశారు.

ఊళ్లో ఉన్న ముసలివాళ్లందరికీ థైరాయిడ్ పరీక్ష చేయమని నేను అడగడం లేదు. అలా చేస్తే వేరే గొడవ మొదలవుతుంది. ఏ న్యుమోనియాతోనో ఆసుపత్రిలో పడుకున్నప్పుడూ, స్టెరాయిడ్ వాడుతున్నప్పుడూ టీఎస్‌హెచ్ కొంత తగ్గి కనిపిస్తుంది. జుట్టుకని, గోళ్లకని బయోటిన్ మాత్రలు మింగేవాళ్లకు కొన్ని ల్యాబ్‌లలో లేని జబ్బు ఉన్నట్టే రిపోర్టు వస్తుంది. కాబట్టి ఒక్క కాగితం చూసి మందు మొదలుపెట్టకూడదు, ఫ్రీ టీ4, టీ3 కూడా చూడాలి, అవసరమైతే కొన్ని వారాలాగి మళ్లీ చేయాలి.

నేనడిగేది ఇంతే. అరవై దాటినవాళ్ల నాడి నిమిషం పాటు వేళ్లతో చూసి "వరసగా ఉంది", "వరస తప్పింది" అని రాయాలి. వరస తప్పితే పీహెచ్‌సీలో ఈసీజీ, దాంతో పాటే టీఎస్‌హెచ్. ఆరు నెలలు, ఏడాదిలో కారణం లేకుండా బరువు ఇరవయ్యో వంతు తగ్గినా, అంతకు ముందు లేని నిర్లిప్తత పట్టుకున్నా, క్యాన్సర్ స్కాన్‌కు రాసే ముందు, దిగులు మాత్రలు రాసే ముందు అదే పరీక్ష. రక్తం పీహెచ్‌సీలో తీసి జిల్లా కేంద్రం ల్యాబ్‌కు పంపితే ముసలివాళ్లు బస్సులెక్కి తిరగక్కర్లేదు. పింఛను ఇవ్వడానికి సచివాలయం సిబ్బంది నెలనెలా ఒకటో తారీఖున ఎలాగూ ఇంటికే వస్తున్నారు. "ఈమె చిక్కిపోతోంది, పలకరిస్తే మాట్లాడటం లేదు" అని ఏఎన్‌ఎంకు ఒక ఫోన్ చేయమని వాళ్లకు చెబితే చాలు.

మెడికల్ షాపుల వాళ్లతో కూడా ఒక మాట. థైరాయిడ్ తక్కువని ఎప్పుడో రాసిన వంద మైక్రోగ్రాముల మాత్రను పదేళ్లుగా అదే చీటీతో కొనుక్కుపోయే పెద్దవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. మనిషి చిక్కినా డోసు మాత్రం తగ్గదు, చివరకు ఆ మాత్రే ఎక్కువై ఇదే జబ్బు తెస్తుంది. వాళ్లంతట వాళ్లు మాత్ర ఆపకూడదు. ఏడాదిలోపు టీఎస్‌హెచ్ రిపోర్టు ఉందా అని షాపులో అడిగి, లేకపోతే డాక్టరు దగ్గరికి పంపించాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఈ మేరకు జిల్లాలోని షాపులన్నిటికీ ఒక సర్క్యులర్ ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు,
పొదిలి