వేలాడితే ఎత్తు పెరగరు

సంపాదకుడు గారికి,

పోయిన వారం ఆదివారం అనుబంధంలో మీరు వేసిన ‘ఎత్తు పెరగాలంటే’ వ్యాసం గురించి రాస్తున్నాను. నిద్రపోండి, రాడ్‌కి వేలాడండి, ప్రొటీన్ తినండి, ఏ వయసువారైనా పెరుగుతారు అని పైన వ్యాసం. సరిగ్గా దాని కిందే పొడి డబ్బా ప్రకటన. ఏది వ్యాసమో, ఏది ప్రకటనో తేల్చుకోవడానికి నాకైతే రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే చాలు, ఇప్పటికీ కుర్రాళ్లు మా ఇంటికి వస్తారు. మగపిల్లలకు 167.6 సెంటీమీటర్లు ఉండాలి కదా. ఈమధ్య వచ్చిన అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, ఎత్తు 166. రెండేళ్లుగా గీత కదల్లేదు. మీ వ్యాసం చూసి వాళ్ల నాన్న రాడ్ బిగించారు, డబ్బాలు కొన్నారు.

ఆ అబ్బాయి తండ్రి 165, తల్లి 152. రెండూ కూడి, మగపిల్లాడు కాబట్టి 13 కలిపి, సగం చేస్తే 165 వస్తుంది. ఆడపిల్లకైతే 13 తీసేసి సగం చేయాలి. పిల్లల డాక్టర్లు వేసే లెక్కే ఇది. ఎనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. అంటే ఈ పిల్లాడు తనకు రావాల్సిన ఎత్తు వచ్చేశాడు. తక్కువేమీ కాలేదు.

ఎముకల చివర్లలో పెరిగే మెత్తటి పొర ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. యుక్తవయసులో ఈస్ట్రోజన్ హార్మోన్ దాన్ని క్రమంగా మూసేస్తుంది, మగపిల్లల్లో కూడా. ఆడపిల్లలు సాధారణంగా రజస్వల అయ్యాక ఇంకో ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లే పెరుగుతారు. ఆ పొర మూసుకుపోయాక ఏ పొడీ దాన్ని తెరవలేదు. అనుమానం ఉంటే ఎడమ చేతికి ఎక్స్‌రే తీస్తే తెలిసిపోతుంది.

మరి వేలాడటం? పగలంతా నిలబడి తిరిగితే వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుని, సాయంత్రానికి అందరం ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాం. పడుకుని లేస్తే అది తిరిగి వస్తుంది. వేలాడితే దొరికేదీ అంతే, అదీ కాసేపే. కొలతల రోజు పిలుపు వచ్చేదాకా గ్రౌండ్‌లో వెల్లకిలా పడుకునే కుర్రాళ్లకు ఈ సంగతి మీ వ్యాసకర్త కంటే బాగా తెలుసు. బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారన్నదీ అంతే. పొడుగున్నవాళ్లనే జట్టులోకి తీసుకుంటాం. ఆటలు ఎముకల్ని గట్టిచేస్తాయి, ఆకలి పుట్టిస్తాయి. ఆ మేలు చాలదా?

నిద్ర సంగతిలో మీ వ్యాసం సగమే చెప్పింది. తొలి జాములో గాఢనిద్ర పట్టినప్పుడు గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది, నిజమే. అంతమాత్రాన పది గంటల బదులు పన్నెండు గంటలు పడుకుంటే రెండంగుళాలు కలవవు. టీనేజీ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ఆ మాట తెల్లవారుజామున ఐదింటికి లేపి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్ పెట్టే హాస్టళ్లకు చెప్పాలి. చెప్పరు, ర్యాంకుల ప్రకటనలు పోతాయిగా!

ప్రొటీన్ విషయానికి వస్తే, పదమూడు నుంచి పదిహేనేళ్ల అబ్బాయికి రోజుకు దాదాపు 45 గ్రాములు చాలని మన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ లెక్క. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఎనిమిది, మిగతాది అన్నం, పప్పు, పెరుగు, శనగల్లోంచి వస్తుంది. అది అందకపోతే పెరుగుదల కుంటుపడుతుంది. అందాక ఇంకా పోస్తే ఎత్తు కాదు, ఖర్చు పెరుగుతుంది. అసలు బాధ హాస్టల్ సాంబారులో పప్పు వెతుక్కోవాల్సి రావడం. నీళ్లలాంటి ఆ సాంబారు తిని బతికే పిల్లలకు గుడ్డు ఖర్చు పెరిగిందని కోత పెడతారు, తల్లిదండ్రులేమో పొడి డబ్బా పంపుతారు. ఆ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి, చక్కెర ఎంతో తెలుస్తుంది. 2024లో కేంద్రమే ఇలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ విభాగంలో అమ్మొద్దని ఆన్‌లైన్ కంపెనీలకు చెప్పింది. మీ ప్రకటనల విభాగానికి ఆ వార్త అందలేదేమో.

నిజంగా చేయాల్సిన పని ఒక్కటే. ఆరు నెలలకోసారి బడిలో గోడకు నిలబెట్టి, చెప్పులు విప్పించి, ఉదయంపూటే కొలిచి రాసుకోవాలి. యుక్తవయసు రాకముందు ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగని పిల్లల్ని పదేళ్లకే డాక్టరుకు చూపిస్తే థైరాయిడో, రక్తహీనతో, పేగుల జబ్బో బయటపడొచ్చు, అప్పుడు చికిత్సకు సమయం ఉంటుంది. పంతొమ్మిదికి వచ్చి రాడ్ అడిగితే ఏం లాభం? ఈ కొలిచే పని చేయాల్సిన పీఈటీ పోస్టులేమో చాలా బడుల్లో ఖాళీ. ఉన్నవారికి ఆటల పీరియడ్ తీసేసి గణితం వాళ్లకిచ్చారు. గ్రౌండులో కొత్త భవనం లేచింది, దాని కాంట్రాక్టర్ మాత్రం బాగా ఎదిగాడు.

వచ్చే ఆదివారం ఆ పొడి ప్రకటన మళ్లీ వేస్తే, పక్కనే ఈ ఉత్తరం వేయండి. స్థలం లేదంటే పైన చెప్పిన 13 కలిపే లెక్క ఒక్కటైనా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, తెనాలి