గంట మీరే కొట్టాలి, నాన్నగారూ

క్వీన్స్, న్యూయార్క్
20 అక్టోబర్ 2024

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారములు.

మొన్న ఫోనులో నేను ఇక్కడి బస్సుల సంగతి ఎత్తగానే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠికి ముప్పై ఏళ్లు బస్సులో వెళ్లివచ్చినవాడికి బస్సెక్కడం కొత్తగా నేర్పాలా అని మీరు నవ్వారు. ఎక్కడం గురించి నాకూ బెంగ లేదు. దిగడం గురించే ఈ ఉత్తరం. వచ్చే ఏప్రిల్‌లో మీరిద్దరూ ఇక్కడ ఉన్నప్పుడు, నేను ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో అమ్మ ఫ్లషింగ్‌లోని గణపతి గుడికి వెళ్లాలంటుందని నాకు తెలుసు. స్ప్రింగ్‌ఫీల్డ్ బులవార్డ్ మీద మా ఇంటికి దగ్గరలో ఆగే క్యూ 27 బస్సు ఆ గుడి ఉన్న బౌన్ స్ట్రీట్ దాకా తీసుకువెళుతుంది కాబట్టి, ఆ ఒక్క ప్రయాణాన్నే ఆసాంతం రాస్తాను.

మొట్టమొదట గుర్తుంచుకోవలసింది, ఈ బస్సులో కండక్టరు ఉండడు. "కోఠీ దిగేవాళ్లు రావాలి" అని పిలిచేవాడు, ఈల వేసి ఆపించేవాడు, "రైట్ రైట్" అని పంపించేవాడు ఎవరూ ఉండరు. డ్రైవరు ఒక్కడే ఉంటాడు, అతని చూపంతా రోడ్డు మీద ఉంటుంది. స్టాపులో ఎక్కడానికి ఎవరూ నిలబడకపోతే, లోపలివాళ్లు ఎవరూ దిగుతామని తెలియజేయకపోతే, ఆ స్టాపును దాటించుకుని వెళ్లిపోతాడు. అందులో అతని తప్పేమీ లేదు. నేను వచ్చిన మొదటి వారంలో, మన ఊళ్లోలాగే స్టాపు వస్తే బస్సు దానంతటదే ఆగుతుందనుకుని సీటులో నింపాదిగా కూర్చున్నాను. నా స్టాపు కిటికీ పక్క నుంచి వెనక్కి వెళ్లిపోతుంటే చూస్తూ ఉండిపోయి, ఆ తరువాతి స్టాపులో దిగి, జనవరి చలిలో వెనక్కి నడిచాను.

దిగుతామని తెలియజేయడానికి బస్సు అంతటా ఏర్పాట్లు ఉంటాయి. కొన్ని బస్సులలో కిటికీల పక్కన నిలువుగా పసుపురంగు పట్టీ అతికించి ఉంటుంది, దాన్ని వేలితో గట్టిగా నొక్కాలి. కొన్నింటిలో కిటికీల మీదుగా బట్టలారేసుకునే దండెంలా ఒక తాడు సాగి ఉంటుంది, దాన్ని కిందికి లాగాలి. పట్టుకుని నిలబడే స్తంభాలకు ఎర్రని బటన్లు కూడా ఉంటాయి. ఏది నొక్కినా "టింగ్" అని ఒక్కసారి మోగి, బస్సు ముందు భాగంలో పైన "స్టాప్ రిక్వెస్టెడ్" అన్న అక్షరాలు వెలుగుతాయి. ఆ అక్షరాలే మీకు రసీదు అనుకోండి. అవి అప్పటికే వెలుగుతూ ఉంటే మీ స్టాపులోనే దిగవలసినవాళ్లెవరో ముందుగా నొక్కారని అర్థం, మీరు మళ్లీ నొక్కనక్కరలేదు. నొక్కినా చాలా బస్సులలో రెండోసారి మోగదు. అది చూసి గంట చెడిపోయిందని కంగారుపడవద్దు.

ఎప్పుడు నొక్కాలన్నదే అసలు మెలకువ. క్వీన్స్‌లో స్టాపులు రెండు మూడు వీధులకొకటి చొప్పున దగ్గరదగ్గరగా ఉంటాయి. మీ స్టాపుకు ముందున్న స్టాపును బస్సు దాటక మునుపే నొక్కితే, బస్సు ఆ ముందు స్టాపులోనే ఆగుతుంది. ఎవరూ దిగరు. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూస్తాడు, అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. మొదటి వారం నడిచిన భయంతో నేను రెండో వారమంతా ఈ పనే చేశాను. మరీ ఆలస్యం చేసినా లాభం లేదు, వేగంగా పోతున్న బస్సును స్టాపు ముందుకు వచ్చాక ఆపమంటే డ్రైవరు ఆపలేడు, నిలబడివున్న ముసలివాళ్లు పడిపోతారు. తలుపులు తెరుచుకున్నాక ఆ ఎర్ర అక్షరాలు ఆరిపోతాయి కనుక, ముందు స్టాపులో బస్సు ఆగి, తలుపులు మూసుకుని, మళ్లీ కదిలిన తరువాత నొక్కడమే మంచి పద్ధతి. మన ప్రయాణంలో బస్సు హాలీ అవెన్యూలోకి వచ్చిందంటే గుడి దగ్గరపడినట్టే. చాలా బస్సులలో రాబోయే స్టాపు పేరు చెప్పే గొంతు ఒకటి వినిపిస్తుంది, "బౌన్ స్ట్రీట్" అన్న మాట చెవిన పడగానే నొక్కండి. రాత్రి పది గంటల నుంచి తెల్లవారుజామున ఐదింటి దాకా, దారిలో స్టాపు కాని చోట కూడా ఆపమని డ్రైవరును అడగవచ్చు, క్షేమంగా ఆపగల చోటైతే ఆపుతాడు. మీకు ఆ వేళ ప్రయాణం పడదనుకోండి, తెలిసి ఉంటే మంచిదని రాశాను.

ఇక డబ్బుల సంగతి. టికెట్టు మనిషికి రెండు డాలర్ల తొంభై సెంట్లు. దూరంతో నిమిత్తం లేదు, రెండు స్టాపులకైనా ఊరి చివరికైనా అంతే. ముందు తలుపు దగ్గర ఎక్కగానే డ్రైవరు పక్కన ఒక ఇనుప పెట్టె ఉంటుంది, నాణేలు అందులో మనమే వేయాలి. నోట్లు తీసుకోదు, ఒక్క సెంటు నాణేలు, యాభై సెంట్ల నాణేలు కూడా తీసుకోదు. చిల్లర తిరిగి ఇవ్వదు. మన కండక్టర్లు టికెట్టు వెనక ఇంత ఇవ్వాలని రాసిచ్చి, దిగేటప్పుడు మనం గుర్తుచేస్తే ఇచ్చేవారే, ఆ వ్యవహారం ఇక్కడ లేదు. డ్రైవరు దగ్గర డబ్బు ఉండకపోవడానికి కారణం ఉంది. 1960లలో అమెరికా నగరాలలో చిల్లర డబ్బు కోసం బస్సు డ్రైవర్లను దోచుకోవడం, కొట్టడం, చంపడం కూడా జరిగాయి. అందువల్ల ఒక్కొక్క నగరమూ డ్రైవరు చేతికి డబ్బు అందని పద్ధతిని తెచ్చింది, న్యూయార్క్ 1969లో తెచ్చింది. అప్పటి నుంచి సరిపడా నాణేలు తెచ్చుకోవడం ప్రయాణికుడి బాధ్యతే.

ఇరవై ఐదు సెంట్ల నాణేన్ని నేను మనసులో పావలా అనే పిలుచుకుంటాను, మీరూ అలాగే పిలుచుకుంటే లెక్క సులువు. పదకొండు పావలాలు వేస్తే రెండు ముప్పావు డాలర్లు అవుతాయి. మిగిలిన పదిహేను సెంట్లకు ఒక పది సెంట్ల నాణెం, ఒక ఐదు సెంట్ల నాణెం. ఇక్కడొక తిరకాసు ఉంది. పది సెంట్ల నాణెం చాలా చిన్నది, పలచన, ఐదు సెంట్లది దానికంటే పెద్దది, మందం. ఒక ఐదును పదనుకుని రెండు ఐదులు వేసి, ఐదు సెంట్లు తగ్గాయని పెట్టె మీది అంకెలు చూపిస్తుంటే వెనక వరుస కట్టిన జనం ముందు నేను జేబులు తడుముకున్న రోజు ఒకటుంది. పన్నెండు పావలాలు వేసినా సరే, పది సెంట్లు పోయాయనుకుంటే గొడవ ఉండదు.

నాణేలకు బదులు ఓమ్నీ కార్డును తాకించవచ్చు, నేను రోజూ చేసేది అదే. మీకూ చెరొకటి కొంటాను. కాని కార్డులో డబ్బు అయిపోయిన రోజున, అమ్మ కార్డు ఇంట్లో మరిచిపోయిన రోజున నాణేలే దిక్కు. ఇంకొక మాట, వెళ్లిన బస్సు నంబరులోనే తిరిగి వస్తే మళ్లీ పూర్తి టికెట్టు పెట్టాలి. అమ్మ అడుగుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను, మన దగ్గర డిసెంబరు నుంచి ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఇస్తున్న జీరో టికెట్టు లాంటిది ఇక్కడ లేదు.

దిగడానికి వెనుక తలుపు ఉంది. వెనుక అంటే మన బస్సులలోలా చిట్టచివర కాదు, బస్సు మధ్యకు కాస్త వెనక. మన నగరంలో ముందు తలుపు ఆడవాళ్లది, వెనుక తలుపు మగవాళ్లది అన్నది మీకు అలవాటు, ఇక్కడ ఆ తేడా లేదు. ఎక్కేవాళ్లందరూ ముందు, దిగేవాళ్లు వీలైనంతవరకు వెనుక. ముందు నుంచే దిగితే, నాణేలు వేయడానికి మెట్టు మీద నిలబడినవాళ్లకు మీరు ఎదురుపడతారు.

ఈ తలుపును డ్రైవరు తెరవడు, తెరవడానికి అనుమతి మాత్రం ఇస్తాడు. బస్సు పూర్తిగా ఆగాక అతను ఒక మీట తిప్పితే తలుపు పైన చిన్న పచ్చదీపం వెలుగుతుంది. అప్పుడు తలుపు మీదున్న పసుపు పట్టీని అరచేత్తో తాకి నొక్కాలి, తలుపు తెరుచుకుంటుంది. దీపం వెలగక మునుపు ఎంత నెట్టినా కదలదు. వెలిగిన తరువాత మీరు చేయి పెట్టకుండా నిలబడినా కదలదు. నేను ఈ రెండూ చేశాను. రెండోసారి, తలుపు దానంతటదే తెరుచుకుంటుందని మర్యాదగా ఎదురుచూస్తుంటే, వెనక నుంచి ఒక పెద్దావిడ నా భుజం మీదుగా చేయి చాపి పట్టీని నొక్కి, ఏమీ అనకుండా నన్ను దాటుకుని దిగిపోయింది. బస్సు ఆగినా దీపం వెలగకపోతే డ్రైవరు మరిచిపోయాడన్న మాట. అప్పుడు మొహమాటపడకుండా "బ్యాక్ డోర్" అని గట్టిగా అరవాలి. ఇది ఇక్కడ అమర్యాద కాదు, మీరు అరవకపోతే పక్కవాళ్లే మీ తరఫున అరుస్తారు.

మీకు ఊరట కలిగించే సంగతి ఒకటుంది. వెనుక తలుపు తెరిచి ఉన్నంతసేపు బ్రేకులు పట్టే ఉంటాయి, డ్రైవరు తొక్కినా బస్సు ముందుకు పోదు. ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద ఉండగా బస్సు కదిలిపోయి కోఠిలో మీ మోకాలు చెక్కుకుపోయిన సంగతి నాకింకా గుర్తుంది. ఇక్కడ నిదానంగా దిగండి. మీ వెనక ఇంకెవరైనా దిగుతుంటే తలుపు వాళ్ల మీద మూసుకుపోకుండా ఒక చేత్తో ఆపి పట్టుకోవడం ఇక్కడివాళ్లకు అలవాటు.

అమ్మకు మాత్రం ఈ వెనుక తలుపు నియమం వద్దు. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముందు నుంచి దిగితే ఎవరూ ఏమీ అనరు. డ్రైవరును అడిగితే బస్సు ముందు భాగాన్ని గాలి వదిలి పేవ్‌మెంట్ ఎత్తుకు దించుతాడు, ఏనుగు మోకాలు వంచినట్టు బస్సు ఆ మూల ఒరుగుతుంది. అమ్మను ఎక్కగానే ముందు సీట్లలోనే కూర్చోబెట్టండి, అవి పెద్దవాళ్ల కోసమే ఉంచినవి. గంట మాత్రం మీరే కొట్టండి, అమ్మ చేతికి తాడు దొరికితే ఊరంతా ఆపుతుంది.

మీ ఇద్దరికీ గుడికి ఒకసారి వెళ్లిరావడానికి నలభై నాలుగు పావలాలు, నాలుగు పదులు, నాలుగు ఐదులు కావాలి. బట్టలు ఉతికే యంత్రం కూడా పావలాలే తింటుంది కాబట్టి ఇంట్లో అవి నిలవవు. అయినా హార్లిక్స్ సీసాలో ఇప్పటికి ముప్పై ఒకటి దాచాను.

ఇట్లు,
మీ కుమారుడు