ఏడు సారీల మెసేజ్ పంపనివ్వని అక్కకి

ఇది మా అక్కకి థ్యాంక్స్ చెప్పడానికి రాస్తున్నాను. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. ఎదురుగా చెప్తే "చాల్లే ఊరుకో" అని కొట్టిపారేస్తుంది, అందుకే ఇలా నలుగురిలో చెప్పి ఇరికిస్తున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం అయిదింటికి నా స్నేహితురాలిని కలవాలి. కాలేజీ రోజుల నుంచి తెలిసిన మనిషి. ఇద్దరికీ వీలయ్యే రోజు దొరకడానికే నాలుగు నెలలు పట్టింది. ఉద్యోగం మానేద్దామా వద్దా అని తను మథనపడుతోంది. "ఫోన్‌లో కాదు, నీతో కూర్చుని మాట్లాడాలి" అంది. ఆ రోజు మూడుంబావుకి ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది, లెక్కల ఫైలు ఎంతవరకు వచ్చిందని. ఆదివారం రాత్రికల్లా సరిచూసి పంపుతానని బుధవారం నేనే ఒప్పుకున్నాను. తర్వాత శుభ్రంగా మర్చిపోయాను. కనీసం అయిదు గంటల పని. ఎవరి మీదా నెట్టడానికి లేదు, తప్పు నాదే.

తను అంత దూరం నుంచి రావాలంటే నాలుగింటికల్లా బయల్దేరాలి. అంటే నా చేతిలో ఉన్నది ముప్పావుగంట. అందులో ఇరవై నిమిషాలు మెసేజ్ రాయడానికి, కొట్టేయడానికి, మళ్ళీ రాయడానికే పోయాయి. మొదట "జ్వరంగా ఉందే" అని రాశాను. తర్వాత అది తీసేసి పెద్ద పేరా రాశాను. నేనెంత పనికిమాలినదాన్నో, నన్ను ఎలా క్షమిస్తావో అన్న ధోరణిలో. ఆ రోజు మా ఇంట్లోనే ఉన్న అక్క నా మొహం చూసి ఫోన్ లాక్కుని చదివింది.

"ఇందులో ఏడు సారీలున్నాయి. ఇది చదివాక అది నిన్ను ఓదార్చాలి. రోజు పాడైంది దానిదా, నీదా?"

ఆ మాటకి నాకు నోరు పెగల్లేదు. జ్వరం సంగతి చెప్తే ఇంకా గట్టిగా తిట్టింది. జ్వరమంటే సాయంత్రం ఎలా ఉందని అడుగుతుంది, రేపు మళ్ళీ అడుగుతుంది, లేదా చూడ్డానికి బయల్దేరి వస్తుంది. ఒక్క అబద్ధానికి వారం రోజులు కాపలా కాయాలి. పైగా నిజం మరీ అంత సిగ్గుపడేదేం కాదు కదా, మర్చిపోయావు, అంతే అంది.

తర్వాత మెసేజ్ వద్దు, ఫోన్ చెయ్యమంది. మెసేజ్ తను ఎప్పుడు చూస్తుందో తెలీదు. దారిలో చూస్తే అప్పటికే సగం దూరం వచ్చేసి ఉంటుంది. ఒకవేళ బయల్దేరి ఉంటే మాత్రం రద్దు చేసే హక్కు నాకు లేదట. పావుగంటకైనా సరే, నేనే ఎదురెళ్ళి మొహం చూపించి చెప్పి రావాలి. ఫైలు రాత్రి పన్నెండైనా పరవాలేదు. ఇది నాకు అప్పుడు అతిగా అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

మూడూ నలభైకి ఫోన్ చేశాను. అక్క పక్కనే కూర్చుంది.

"ఏమే, బయల్దేరావా?"

"లేదు, చెప్పులేసుకుంటున్నా."

"అయితే ఆగు. నేనివాళ రాలేను. రాత్రికి ఇస్తానన్న ఆఫీసు పని ఒకటి పూర్తిగా మర్చిపోయాను, ఇందాకే తెలిసింది. తప్పు నాదే. నువ్వు ఆదివారమంతా దీనికోసం ఖాళీ పెట్టుకున్నావు, సారీ."

ఇంతే. అక్క ముందే చెప్పింది, రాలేనన్న మాట మొదటి ముక్కలోనే వచ్చెయ్యాలని. నాకేమో ముందు వాతావరణం, ఆఫీసు కష్టాలు చెప్పి మెల్లగా అక్కడికి చేరడం అలవాటు. వినేవాళ్ళకి ఆ రెండు నిమిషాలూ టెన్షనే, ఎవరికేమైందో అని.

తను "సరేలే" అంది. తర్వాత ఏమీ మాట్లాడలేదు. మాకు తెలిసిన "సరేలే"లు రెండు రకాలు. నిజంగా పరవాలేనప్పుడు దాని వెనకే ఇంకో మాట వస్తుంది, "సరేలే, నాకూ బట్టలున్నాయి ఉతకడానికి" అనో ఇంకేదో. మనసు చివుక్కుమన్నప్పుడు అక్కడే ఆగిపోతుంది. ఇది రెండో రకం. నేను వెంటనే "కోపమొచ్చిందా? రాలేదు కదా?" అనబోయాను. అక్క చెయ్యెత్తి ఆపింది. అలా అడిగితే పాపం తను "అబ్బే లేదు" అనక తప్పదు. తన కోపాన్ని కూడా నాకోసం దాచిపెట్టుకోవాలి. ఊరుకున్నాను. అయిదారు సెకన్లే అయ్యుంటుంది, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది.

అప్పుడు తనే అంది, "పొద్దున్నుంచీ నీకేం చెప్పాలో అనుకుంటూ కూర్చున్నానే."

"తెలుసు. ఆ ఉద్యోగం సంగతి ఇప్పుడు హడావుడిగా వినను. రాత్రి పదింటికి ఈ పని అయిపోతుంది, అప్పుడు ఫోన్‌లో చెప్తావా, ఎదురుగానే చెప్తావా?"

"ఎదురుగానే."

"మంగళవారం కానీ గురువారం కానీ, సాయంత్రం ఆరున్నరకి. ఈసారి నువ్వు రావద్దు, మీ ఇంటికి నేనే వస్తా."

గురువారం అంది. గొంతులో బిగువు కాస్త తగ్గింది.

"నీకెప్పుడు వీలైతే అప్పుడు" అనడం మర్యాద అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. అక్క లెక్కలో అది పని తప్పించుకోవడం. చెడగొట్టింది మనం, మళ్ళీ రోజు వెతికే పని మాత్రం వాళ్ళకా? అందుకే రెండు రోజులు చెప్పి ఎంచుకోమనాలి, రెండూ కుదరకపోతే ఇంకో రెండు. ఫోన్ ఎత్తకపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పింది. రెండుసార్లు చేసి, అప్పుడు మెసేజ్ పెట్టాలి, మొదటి మాటే "బయల్దేరకు" అని ఉండాలి. నోటిఫికేషన్‌లో కనిపించేది ఆ మొదటి ముక్కే కదా.

బుధవారం రాత్రి తనకి ఒక్క లైను పంపాను: "రేపు ఆరున్నరకి వస్తున్నా, సాయంత్రం వేరే పనేదీ పెట్టుకోలేదు." ఆ గురువారం మళ్ళీ తప్పితే నా దగ్గర ఏ మాటలూ పనిచెయ్యవని అక్క ముందే హెచ్చరించింది, కాబట్టి ఆఫీసులో మూడింటి నుంచే గడియారం చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాల ముందే చేరాను. తలుపు తీసి నన్ను చూసి, గడియారం చూసి నవ్వింది. తొమ్మిదింటిదాకా తను మాట్లాడింది, నేను విన్నాను. ఉద్యోగం సంగతి ఏమైందో తనే చెప్పాలి, నేను చెప్పకూడదు.

నేస్తం, నీకు కూడా థ్యాంక్సే. ఆ రోజు "పరవాలేదు" అని పైకి అనేసి లోపల పెట్టుకోకుండా, పొద్దున్నుంచీ కూర్చున్నానని చెప్పినందుకు. అది వినకపోయుంటే గురువారం నేను అంత గట్టిగా పట్టుకునేదాన్ని కాదేమో. అడగకుండానే సగం లెక్కలు తీసుకుని సరిచూసి పంపిన ఆఫీసు స్నేహితుడికి కూడా. ఆ రాత్రి నేను తొమ్మిదిన్నరకే పడుకున్నానంటే ఆయన పుణ్యమే.

అక్కా, ఆ ఏడు సారీల మెసేజ్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. తీసెయ్యమన్నావు, తీసెయ్యలేదు.