రుమాలు కింది నుదురు

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు పెళ్లి ఆల్బమ్ ప్రింటుకు పంపే హడావుడిలో ఉన్నాను, సరిగ్గా మాట్లాడలేకపోయాను. నీ గొంతులో టెన్షన్ అర్థమైంది. ఆర్డర్‌కి వచ్చిన తాత ఫోటోకి బాడీ మార్చావు, కళ్లూ ముక్కూ అన్నీ ఆయనవే, అయినా ఇంట్లోవాళ్లు "ఈయన మా తాతలా లేడు" అంటున్నారు. ఫోటోలో ఆయన తలకు రుమాలు ఉందని నువ్వు చివర్లో చెప్పావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. ఫోన్లో చెబితే తెగేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ఇదే పని నాకు పోయినేడు ఎండాకాలంలో తగిలింది. పక్క ఊరి పెద్దాయన పోయాడు. పదకొండో రోజుకి దండ వేసే ఫోటో కావాలని కూతురు వచ్చింది. ఆయన ముఖం స్పష్టంగా ఉన్న ఫోటో ఒక్కటే ఉంది. పొలం గట్టు మీద మనవడు ఫోన్లో తీసింది. ఎర్ర రుమాలు కనుబొమ్మలకు రెండు వేళ్ల పైదాకా దిగి ఉంది. నుదురు దాదాపు లేదు, జుట్టు మొదలయ్యే చోటు అసలే లేదు. తెల్ల చొక్కా, కండువా ఉన్న బాడీ పెట్టమన్నారు. ముఖం మార్చి పెట్టడానికి మన దగ్గరుండే బాడీ ఫైళ్లలో ఎవరి తల మీదా గుడ్డ ఉండదు కదా. నేనూ నువ్వు చేసినట్టే చేశాను. రుమాలు అంచు దాకా ముఖం కత్తిరించి, పైన బాడీ ఫైల్లో ఉన్నాయన నుదురూ జుట్టూ ఉంచేసి, రంగు కలిపాను. అతుకు ఎక్కడుందో నాకే కనిపించనంత శుభ్రంగా వచ్చింది. ఆమె చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇది మా నాయిన కాదు సార్" అంది.

రాత్రి కూర్చుని ఎందుకలా అనిపించిందో చూశాను. ముఖాన్ని మూడు భాగాలుగా కొలుస్తాం కదా, జుట్టు నుంచి కనుబొమ్మ దాకా ఒకటి, కనుబొమ్మ నుంచి ముక్కు కింది దాకా ఒకటి, అక్కడి నుంచి గడ్డం దాకా ఒకటి. అవి కాస్త అటూ ఇటూగా సమానంగా ఉంటాయి. బాడీ ఫైల్లో ఉన్నది ముప్పై ఏళ్ల మనిషి. ఆయన నుదురు చిన్నది, జుట్టు ఒత్తుగా కిందికి దిగి ఉంది. డెబ్భై దాటిన ముఖం మీద ఆ నుదురు పెట్టేసరికి పై భాగం కుంచించుకుపోయి మనిషే మారిపోయాడు. మనం కళ్లూ ముక్కే మనిషి అనుకుంటాం. ఇంట్లోవాళ్లు మాత్రం తల మొత్తం ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటారు. పైగా ఆ కూతురికి తండ్రి అంటే రుమాలుతో ఉన్న తండ్రే.

అందుకని ముఖాన్ని పక్కనపెట్టి, రుమాలుతో సహా మొత్తం తలను తెచ్చాను. నీకూ నేను చెప్పేది ఇదే. దొరికిన ఫోటోలో నుదురు గుడ్డ కింద ఉంటే ఆ నుదుటిని కొత్తగా పుట్టించకు, గుడ్డనే వెంట తీసుకురా. బాడీ ఫైల్లోని తలను మెడ దాకా పూర్తిగా చెరిపెయ్. కత్తిరింపు రుమాలు బయటి అంచు వెంట, చెవుల వెంట, మెడ మీదుగా చొక్కా కాలర్ లోపలికి పోవాలి. అప్పుడు అతుకు కాలర్ నీడలో దాక్కుంటుంది. రుమాలుకీ నుదుటికీ మధ్య గీత మాత్రం అసలు ఫోటోలో ఎలా ఉందో అలాగే, నీడతో సహా వచ్చేస్తుంది. ఆ నీడను చేత్తో గీయడం ఎంత కష్టమో ఇంకాస్త కింద చెబుతాను.

ఇక కొలత. నుదురు కనిపించనప్పుడు మనకు తెలియకుండానే తలపాగా పైఅంచును తల పైభాగం అనుకుని సైజు పెట్టేస్తాం. అప్పుడు ముఖం చిన్నదైపోయి, భుజాలు పహిల్వాన్ భుజాల్లా కనిపిస్తాయి. తలపాగాను లెక్కలోకి తీసుకోకు. రెండు కంటిపాపల మధ్య దూరం కొలువు. నా కేసులో ఫోన్ ఫోటోలో అది 170 పిక్సెళ్లు, 12×18 అంగుళాల బాడీ ఫైల్లో ఉన్న మనిషికి 320. ముఖాన్ని దాదాపు రెండింతలు సాగదీస్తే చర్మం మైనం ముద్దలా అవుతుంది. అందుకని బాడీనే 8×12కి కుదించాను. అక్కడ దూరం 213 అయింది, ముఖాన్ని 125 శాతానికి పెంచితే సరిపోయింది. తర్వాత ఇంకో లెక్కతో సరిచూసుకున్నాను. మనిషి తలలో కళ్లు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి. గడ్డం నుంచి కంటికి ఎంత ఉందో, కంటి నుంచి అంతే పైకి కొలిస్తే నెత్తి వస్తుంది. ఆ చోటు రుమాలు చుట్టు లోపల పడాలి. రుమాలు బయట పడిందంటే ఎక్కడో తేడా చేశావన్నమాట.

వెలుతురు విషయంలో ఒక మాట. పొలంలో ఎండ కుడి వైపు నుంచి పడింది, మన బాడీకి లైటు ఎడమ వైపు. చాలామంది ముఖాన్ని అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తిప్పేస్తారు. దయచేసి తిప్పకు. పుట్టుమచ్చ, వంకర ముక్కు, రుమాలు చుట్టిన వైపు, అన్నీ ఇంట్లోవాళ్లకు కళ్లు మూసుకున్నా తెలుసు. బాడీని తిప్పు. తిప్పాక చొక్కా జేబు కుడి వైపుకు వస్తుంది, గుండీల పట్టీ కూడా అటు మారుతుంది. కండువాను జేబు మీదుగా జరిపి పట్టీని కొంత కప్పేశాను, ఎవరి కంటా పడలేదు. రుమాలు చెంగు భుజం మీద వేలాడుతోంది, దాని కింద తెల్ల చొక్కా మీద చిన్న నీడ వేశాను. అది వెయ్యకముందు తల గాల్లో తేలుతున్నట్టు ఉంది.

ఆ ఫోటో చూసి ఆమె వేలితో రుమాలు అంచును తడిమింది. "ఈ మడత నాయిన ఇట్లనే పెట్టుకుంటుండె" అంది. ఇప్పటికీ ఆ ఊరికి వెళ్లినప్పుడు వాళ్లింట్లో ఆ పటం కనిపిస్తే అక్కడ కాసేపు నిలబడతాను.

ఒకవేళ వాళ్లు రుమాలు లేకుండానే కావాలంటే, ఆయన సొంత నుదురు ఇంకెక్కడైనా ఉందేమో అడుగు. పాత రేషన్ కార్డు, ఓటరు కార్డు, పెళ్లినాటి ఫోటో, ఏదైనా సరే. మసకగా ఉన్నా జుట్టు ఎక్కడ మొదలైందో, ఎంత వెనక్కి పోయిందో తెలుస్తుంది. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి, పైన చెప్పిన మూడు భాగాల లెక్కతో నిలబెట్టు. అదీ దొరక్కపోతే చేయలేనని చెప్పు. బురఖా వేసుకునే ఆవిడ ఫోటోకో, సర్దార్జీ ఫోటోకో గుడ్డ తీసేసి జుట్టు పెట్టమని ఎవరైనా వస్తే నేను ఒప్పుకోను. బతికున్నప్పుడు వాళ్లు అందరికీ చూపించనిదాన్ని నేను ఊహించి గోడకు తగిలించడం నాకు తప్పుగా అనిపిస్తుంది.

ఇప్పుడు దీనికి తలకిందుల కేసు. మొన్న పెళ్లి గ్రూప్ ఫోటోలో పెళ్లికూతురు కళ్లు మూసింది. అందరూ బాగా పడింది ఆ ఒక్క ఫ్రేమే. దాంట్లో ఆమె ఎర్ర చున్నీ తల మీద కప్పుకుని ఉంది, కళ్లు తెరిచి నవ్విన ఫ్రేమ్‌లో చున్నీ జారిపోయి ఉంది. అంటే ముఖం ఇచ్చే ఫోటోలో నుదురు తెరిచి ఉంది, ముఖం పెట్టాల్సిన ఫోటోలో కప్పి ఉంది. ఇక్కడ గుడ్డను కదిలించకూడదు, ముఖాన్ని దాని కిందికి తొయ్యాలి.

ముందు ఫోటోషాప్‌లో చున్నీ లోపలి అంచు వెంట పెన్ టూల్‌తో పాత్ గీసి, గుడ్డ చుట్టూ తిప్పి మూసి, Ctrl+Enter తో సెలక్షన్ చేసుకుని, గుడ్డను Ctrl+J తో వేరే లేయర్ చేసి అన్నిటికంటే పైన పెట్టు. పాపిటబిళ్ళను కూడా అలాగే పైకి తీసుకో. కొత్త ముఖం ఈ రెండింటికీ కిందా, పాత ముఖానికి పైనా ఉండాలి. ముఖాన్ని చున్నీ అంచుకు సరిగ్గా కత్తిరించకు, ఇరవై ముప్పై పిక్సెళ్లు గుడ్డ కిందికి పోనివ్వు. ఖచ్చితంగా అంచుకే కత్తిరిస్తే సన్నని తెల్ల గీత తేలుతుంది, ప్రింటులో అదే మొదట కంటబడుతుంది. కొత్త ముఖంతో పాటు వచ్చిన జుట్టును చెరిపెయ్. చున్నీ కింద జుట్టు బరువుకు అణిగి ఉంటుంది, చున్నీ లేని ఫ్రేమ్‌లో కాస్త లేచి ఉంటుంది. గ్రూప్ ఫోటోలో పాపిట దగ్గర కనిపించే కొద్దిపాటి జుట్టునే ఉంచుకో.

ఇక నీడ. కొత్త నుదురు ఖాళీ వెలుతురులో తీసింది, అందుకే గుడ్డ కింద పెట్టాక కూడా అది వెలిగిపోతూ ఉంటుంది. నీ ఫోటోలో అతికించినట్టు కనిపించేది కూడా చాలావరకు ఇందుకే. ఇక్కడ నీడలు రెండు రకాలు. గుడ్డ చర్మానికి తగిలే చోట సన్నని ముదురు గీత ఉంటుంది, మూడు నాలుగు పిక్సెళ్లు, కొద్దిగా మాత్రమే బ్లర్. దాని కింద నుదుటి మీదికి జారే మెత్తని నీడ ముప్పై నలభై పిక్సెళ్లు. రెండిటికీ వేర్వేరు లేయర్లు, రెండూ Multiply లో పెట్టు. నల్ల రంగు మాత్రం వాడకు, మసి పూసినట్టుంటుంది. పాత ముఖం నుదుటి నీడలోంచే ఐడ్రాపర్‌తో రంగు తీసుకో, ఎరుపు కలిసిన ముదురు గోధుమ వస్తుంది. ఎర్ర చున్నీ అయితే దాని ఎరుపు చెంపల మీదికి, కణతల మీదికి కొద్దిగా పాకుతుంది, అది కూడా పలచగా వెయ్యి. పాపిటబిళ్ళ కింద చుక్కంత నీడ మర్చిపోకు.

నెట్ చున్నీ అయితే అంచులోంచి పాత నుదురు కనిపిస్తుంది. అక్కడ గుడ్డను దట్టంగా ఉన్న చోటు దాకానే తీసుకుని, జరీ అంచును విడిగా Screen లో వేసి, దారాల మధ్య చోటు నల్లబడేదాకా Levels సర్దితే దాని కింద కొత్త చర్మం కనిపిస్తుంది. ముదురు రంగు నెట్ అయితే ఇది పనిచేయదు, దారాల మధ్య చోటును తెల్లగా చేసి Multiply పెట్టాలి.

రెండు ఫోటోల్లోనూ గుడ్డ ఉంటే అంత కష్టం లేదు. గుడ్డ అంచే కత్తిరింపు గీత, పైది ఒక ఫోటోది, కిందది ఇంకో ఫోటోది. నీడ తీవ్రత కలిస్తే చాలు.

అయిపోయాక ఫోటోను కాసేపు నలుపు తెలుపు చేసి చూడు. రంగులు ఉన్నప్పుడు కన్ను మోసపోతుంది, అవి పోగానే నుదురు చెంపల కంటే తెల్లగా ఉంటే వెంటనే తెలిసిపోతుంది. తర్వాత బొటనవేలి గోరంత సైజుకు తగ్గించి చూడు. ఆ సైజులో మనిషి గుర్తుపట్టేలా ఉన్నాడా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఆ తాత ఫోటో ఒరిజినల్ పంపించు. వాట్సాప్‌లో ఫోటోలా వద్దు, నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు. వాళ్లకి ఎప్పటిలోగా కావాలో కూడా రాయి. ఆదివారం నాకు పెళ్లి ఆర్డర్ లేదు, ఉదయమే కూర్చుని తల నేను కత్తిరించి పంపిస్తా, బాడీ నువ్వు చూసుకో. అక్కను అడిగానని చెప్పు.

నీ,
బావ