వాన కురిపించింది ఓనరు కాదు, సరే. ప్యానల్ బోర్డు సెల్లార్‌లో పెట్టింది ఎవరు?

సంపాదకులకు,

నెల్లూరులో వరద నీళ్లు తీసేశాయని, కరెంటు అన్ని ప్రాంతాలకూ ఇచ్చేశామని అధికారులు చెప్పిన మాట పోయిన వారం మీ పత్రికలో వచ్చింది. వీధిలైట్లు వెలిగిన మాట నిజమే. వాటి కిందే ఉన్న అపార్ట్‌మెంట్లలో కొవ్వొత్తులు ఎందుకు వెలుగుతున్నాయో మాత్రం ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఒకటో తారీఖు వచ్చింది. అద్దె కొంచెం తగ్గించండి అంటే ఓనర్ల జవాబు ఒకటే: ‘వాన నేను కురిపించానా?’

ఇందులో రెండు వేరు వేరు సంగతులున్నాయి. వీధి లైను ఆగడం విద్యుత్ శాఖ పని. దానికి ఓనర్ని అనలేం. లైను వచ్చాక కూడా ఇంట్లో చీకటి ఉందంటే అది బిల్డింగు లోపలి సంగతి. మన ఊళ్లో చాలా అపార్ట్‌మెంట్లలో మీటర్లు, మెయిన్ ప్యానల్, బోరు మోటారు స్టార్టర్ అన్నీ సెల్లార్‌లోనే నడుము ఎత్తున బిగిస్తారు. పక్కనే సంపు. నీళ్లు చేరితే మునిగేవి మొదట ఇవే. బోరులో ఉండే సబ్‌మర్సిబుల్ మోటారుకు ఏమీ కాదు, అది నీళ్లలో ఉండేందుకే చేసింది. పాడయ్యేది పైనున్న స్టార్టర్.

నీళ్లు తోడేశాక ప్యానల్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి స్విచ్ వేయిస్తున్నారు. ఇది ప్రాణాలతో ఆట. మురుగునీళ్లు తాగిన ఎంసీబీలు, కాంటాక్టర్లు పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఒండ్రు మిగులుతుంది. వాటిని మార్చాల్సిందే. కేబుళ్లు, బస్‌బార్లు మంచినీళ్లతో కడిగి ఆరనిచ్చి, ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూడాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే కరెంటు ఇవ్వకూడదు. సామాను చేతికందితే ఇదంతా ఒకటి రెండు రోజుల పని. వారం పట్టిందంటే డబ్బు ఎవరు పెట్టాలన్న తగువు తేలలేదని అర్థం. ఓనరు అసోసియేషన్‌ని అడగమంటాడు, అసోసియేషన్ అద్దెకున్నవాళ్లతో మాకు మాటలు లేవంటుంది. మెయింటెనెన్స్ వసూలుకు మాత్రం మన తలుపే తడతారు!

సంపు సంగతీ ఇంతే. కరెంటు వచ్చిందని మోటారు వేస్తే సెల్లార్ మురుగంతా పై ట్యాంకుకు ఎక్కుతుంది. ముందు సంపు ఖాళీ చేసి, గోడలు రుద్ది కడిగి, మంచినీళ్లు నింపాలి. వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక రాత్రి ఉంచి, ఆ నీళ్లు పారబోశాకే వాడుకోవాలి.

ఇక చట్టం. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ చదివితే అద్దెదారుకు పెద్దగా ఆశ కలగదు. వరద వల్ల ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు వదులుకోవచ్చు అంటుంది. నాలుగు రోజుల చీకటికి అద్దె కోసుకోమని అనదు. కాబట్టి చెప్పకుండా అద్దె ఆపేస్తే తప్పు మన మీదికే వస్తుంది. కానీ అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, మనమే చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. అగ్రిమెంటులో దీనికి విరుద్ధంగా రాసి ఉండకూడదు, అంతే. అందుకే ఫోనులో వాదించడం కన్నా మొదటి రోజే వాట్సాప్‌లోనైనా రాసి పెట్టడం మేలు.

అడిగేది కూడా లెక్కగా అడగాలి. అద్దె 12,000 అయితే రోజుకు 400. వీధి లైను సోమవారం ఉదయం పోయి బుధవారం రాత్రి వచ్చింది, ఇంట్లో కరెంటు, నీళ్లు ఆదివారం రాత్రి వచ్చాయనుకుందాం. మొదటి మూడు రోజులు ఎవరి తప్పూ కాదు, చెరి సగం భరిస్తే 600. తర్వాతి నాలుగు రోజులు బిల్డింగు ఆలస్యం, పూర్తిగా తగ్గిస్తే 1,600. మొత్తం 2,200. ‘సగం నెల అద్దె ఇవ్వను’ అన్నవాడికి తలుపు మూస్తారు గానీ, ఇలా తేదీలు చూపించి అడిగితే కాదనడం కష్టం.

2015 నవంబరులో మునిగాం, 2021 నవంబరులో మునిగాం. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అయినా పల్లంలో సెల్లార్లకు ప్లాన్లు మంజూరవుతూనే ఉన్నాయి. ప్యానల్‌ని స్టిల్టు పైకప్పు దగ్గరికి ఎత్తించమని అనుమతి పత్రంలో ఒక్క వాక్యం రాయడానికి ఏ నిధులు కావాలో ఆ ఆఫీసు వారే సెలవివ్వాలి.

విద్యుత్ శాఖ ‘అన్ని ప్రాంతాలకూ’ అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ రోజు, ఏ గంటకు లైను ఇచ్చారో జాబితా ప్రకటించాలి. మీరు దాన్ని అచ్చు వేస్తే, ఆ కాగితం పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్తాం.

— ఒక అద్దెదారు, నెల్లూరు