స్టేటస్ మారకపోయినా మెయిల్ వెళ్లిపోతోంది: మీ వర్క్‌ఫ్లో ట్రిగ్గర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: రికార్డులో ఏం మారినా ట్రిగ్గర్ నడవడం, మెయిళ్లు రెండోసారి, వేరేవాళ్లకి వెళ్లడం

నమస్కారం. కొటేషన్‌కు ఆమోదం రాగానే కస్టమర్‌కు ధరల మెయిల్ వెళ్లేలా మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక వర్క్‌ఫ్లో పెట్టుకున్నాం. ట్రిగ్గర్ "రికార్డ్ అప్‌డేట్ అయినప్పుడు". ఎంచుకోవడానికి మీరు ఇంకోటి ఇవ్వలేదు. కండిషన్ ఇది:

```
status == "Approved"
```

ఈ మధ్య ఒక కొటేషన్ విషయంలో జరిగింది చెబుతాను. మధ్యాహ్నం ఆమోదం వచ్చింది, మెయిల్ వెళ్లింది. దాంతో అయిపోవాలి. సాయంత్రం అకౌంట్స్ వాళ్లు అదే రికార్డులో ఫోన్ నంబర్ సరిచేశారు. స్టేటస్‌ను ఎవరూ ముట్టుకోలేదు, కానీ అది అప్పటికే Approved కాబట్టి కండిషన్ మళ్లీ నిజమైంది, అదే మెయిల్ ఇంకోసారి వెళ్లింది. మర్నాడు కాంటాక్ట్ ఫీల్డులో కొనుగోళ్లు చూసే ఆవిడ పేరు తీసి, డెలివరీ చూసుకునే బయటి ఏజెన్సీ మనిషి పేరు పెట్టారు. సేవ్ నొక్కగానే డిస్కౌంట్‌తో సహా ధరలన్నీ ఆయనకు చేరిపోయాయి. పంపే క్షణంలో ఆ ఫీల్డులో ఏ అడ్రస్ ఉంటే మీ సిస్టమ్ దానికే పంపుతుంది మరి. మెయిల్ రెండుసార్లు వెళ్తే సారీ చెప్పుకోవచ్చు, బయటివాళ్లకి వెళ్లిన ధరల్ని ఏం చేయగలం?

మెయిల్ వెళ్లాక ఒక చెక్‌బాక్స్ టిక్ అయ్యేలా చేసి, టిక్ ఉంటే పంపొద్దని కండిషన్ పెట్టుకోమన్నారు మీ సపోర్ట్ వాళ్లు. పెట్టాం. మామూలు రోజుల్లో సరిపోతోంది. రాత్రి సింక్ నడిచేటప్పుడు మాత్రం ఒకే రికార్డుకు రెండు అప్‌డేట్‌లు వెంటవెంటనే వస్తాయి, మొదటి రన్ టిక్ పెట్టేలోపే రెండోది ఖాళీ బాక్సును చదివేస్తోంది. పైగా ధర మార్చి కొటేషన్‌ను మళ్లీ ఆమోదిస్తే, పాత టిక్ వల్ల వెళ్లాల్సిన మెయిల్ కూడా ఆగిపోతోంది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి ఇచ్చినట్టుంది.

మాకు కావాల్సింది ఇది:

```
old.status != "Approved" and new.status == "Approved"
```

పాత విలువ మీ దగ్గర లేదనడానికి లేదు. రికార్డ్ హిస్టరీలో ఎవరు దేన్ని ఎలా మార్చారో చక్కగా చూపిస్తూనే ఉన్నారు. దాన్ని కండిషన్‌లో కూడా వాడుకోనివ్వండి. రన్ హిస్టరీలో ఇప్పుడు "Record updated" అని తప్ప ఏమీ ఉండదు, ఏ ఫీల్డ్ మారితే మెయిల్ వెళ్లిందో తెలుసుకోవడానికి రెండు పేజీల టైములు పక్కపక్కన పెట్టుకుని చూడాల్సి వస్తోంది. ఆ ఫీల్డ్ పేరు అక్కడే కనిపించాలి.

ప్రస్తుతం వర్క్‌ఫ్లో ఆపేసి మెయిళ్లు చేత్తో పంపుతున్నాం. ఇంతవరకు దీని నుంచి వెళ్లిన మెయిళ్లన్నీ, అడ్రస్‌లతో, టైముతో సహా వెంటనే పంపండి. ధరలు ఎవరెవరికి చేరాయో తెలిస్తేనే మా కస్టమర్లకు మేం చెప్పగలం. ఇది సరిచేసేదాకా ఆటోమేషన్ ప్లాన్ చార్జీలు బిల్లులోంచి తీసేయాలి. ఎప్పటికి సరిచేస్తారో తేదీ వేసి జవాబివ్వండి.

ఇట్లు,
సేల్స్ ఆపరేషన్స్ ఇన్‌చార్జ్