హోటళ్లకు మా నెలవారీ సోషల్ మీడియా ప్యాకేజీ: పని, ధర, షరతులు

“నెలకు ఎంత తీసుకుంటారు, ఆ డబ్బుకు ఏమేం చేస్తారు? అంతా కాగితం మీద పెట్టి ఇవ్వండి.”
— నెల్లూరు వేదాయపాలెంలో భోజన హోటల్ నడుపుతున్న ఒక యజమాని

ఆయనకు పంపిన ప్రతిపాదననే మా కస్టమర్లందరి ముందూ ఉంచుతున్నాము. వచ్చే నెల నుంచి అందరికీ ఇవే షరతులు వర్తిస్తాయి.

మా రుసుము నెలకు 12,000 రూపాయలు. మాకు జీఎస్టీ నమోదు లేదు కాబట్టి దీనిపై పన్ను ఉండదు. ఈ మొత్తానికి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఆరు రీల్స్, ఎనిమిది ఫొటో పోస్టులు పెడతాము. వాటి చిత్రీకరణకు నెలలో రెండు రోజులు, మధ్యాహ్నం రద్దీ మొదలుకాక ముందు, చేపల పులుసు పొయ్యి మీద నుంచి దించే వేళకు మా మనిషి వంటగదికి వస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో మీ వేళలు, మెనూ, ఫోన్ నంబరు సరిగా ఉంచడం, రివ్యూలకు ఒక రోజులోగా సమాధానం రాయడం కూడా మా పనే. “రివ్యూ రాస్తే స్వీటు ఉచితం” వంటి ఆఫర్లు మాత్రం పెట్టము. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, అలా వచ్చిన రివ్యూలను తొలగించవచ్చు కూడా.

ప్రకటనల ఖర్చు వేరుగా 3,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 540 రూపాయలు. ఇది మా చేతికి రాకుండా మీ కార్డు నుంచి నేరుగా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లను నడిపే మెటా సంస్థకు వెళుతుంది. ప్రకటనను హోటల్ చుట్టూ 5 కిలోమీటర్లలో ఉన్నవారికే చూపిస్తాము. హైదరాబాదులో ఎంతమంది చూసినా ఇక్కడ ఒక్క భోజనం అదనంగా అమ్ముడుపోదు గదా.

మీ వైపు నుంచి కావలసింది ఒక్కటే. ఈరోజు కొరమీను వచ్చిందా, వంజరం వచ్చిందా అన్నది ఒక ఫొటోతో ఉదయం 10:30 లోపు వాట్సాప్‌లో పంపాలి. మేము దానిని 11 గంటలకల్లా స్టోరీగా పెడతాము. మధ్యాహ్నం ఎక్కడ తినాలో జనం తేల్చుకునేది ఆ సమయానికే కాబట్టి ఖరీదైన రీల్ కంటే ఈ ఫొటోనే ఎక్కువ పనిచేస్తుందని మా నమ్మకం. ఫొటో రాని రోజు స్టోరీ ఉండదు.

మొత్తం 15,540 రూపాయలు గిట్టుబాటు కావాలంటే ఎంతమంది అదనంగా రావాలో ఆయనతో కూర్చుని లెక్క వేశాము. ఒక భోజనంపై ఖర్చులు పోగా 60 రూపాయలు మిగిలితే నెలకు 259 మంది, అంటే రోజుకు దాదాపు తొమ్మిది మంది కావాలి. అందుకే నెలాఖరు నివేదికలో లైకులకు బదులు గూగుల్ నుంచి వచ్చిన ఫోన్ కాల్స్, దారి అడిగిన వారి సంఖ్య ఇస్తాము. “ఎలా తెలిసింది?” అని క్యాష్ కౌంటరులో అడిగి గీతలు పెట్టుకుంటే ఆ లెక్కను సరిచూసుకోవచ్చు. మూడు నెలలు గడిచినా ఈ అంకెలు కదలకపోతే ప్యాకేజీ కొనసాగించమని మేము అడగము.

పేజీలు, గూగుల్ ప్రొఫైల్ మీ పేరునే ఉంటాయి, మాకు మేనేజర్ అనుమతి చాలు. మానుకోదలిస్తే 15 రోజుల ముందు చెప్పండి, తీసిన వీడియోలన్నీ మీకు అప్పగిస్తాము.